క్లయింట్ ఫైళ్లు బయటికి పోకుండా: ఇంటి నుంచి అనువాదం చేసేవాళ్ల ప్రశ్నలు, జవాబులు

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు ఇంట్లోనే కూర్చుని కోర్టు కాగితాలు, భూమి దస్తావేజులు తెలుగు నుంచి ఇంగ్లీషులోకి అనువదించేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. విషయం గాల్లో తేలిపోకుండా ఒక పనిని ఉదాహరణగా పట్టుకుందాం. ఒక కంపెనీ కావలి దగ్గర సముద్రం వైపున్న ఒక ఊళ్లో నలభై ఎకరాలు కొనాలనుకుంటోంది. వాళ్ల లాయర్లు చెన్నైలో ఉన్నారు, తెలుగు చదవలేరు. ఒక అనువాద ఏజెన్సీ ద్వారా పాత అమ్మకం దస్తావేజులు, వాటి లింకు డాక్యుమెంట్లు, అడంగల్, 1బి, ఈసీ అన్నీ స్కాన్ చేసి మీకు పంపారు. పది రోజుల పని. కల్పించిన ఉదాహరణే, కానీ ఇలాంటి పనులు చేసినవాళ్లకు కొత్తగా ఏమీ అనిపించదు.

అడంగల్, 1బి మీభూమి సైట్లో ఎవరైనా చూసుకోవచ్చు కదా, ఇందులో రహస్యం ఏముంది?

మంచి ప్రశ్న. చాలామంది పొరపాటు పడేది సరిగ్గా ఇక్కడే. ఒక్కో కాగితాన్ని విడిగా చూస్తే నిజంగానే రహస్యం లేదు, ఈసీ ఎవరైనా తీసుకోవచ్చు, అడంగల్ ఎవరైనా చూడొచ్చు. రహస్యమల్లా ఈ సర్వే నంబర్లన్నీ ఒకేసారి ఒక లాయరు బల్ల మీదికి ఎందుకు వచ్చాయన్నదే. ఎవరో పెద్దవాళ్లు ఆ ఊళ్లో భూమి కొంటున్నారన్న మాట బయటికి పొక్కిందంటే వారం తిరక్కుండా సెంటు రేటు మారిపోతుంది, మధ్యవర్తులు ముందే వెళ్లి రైతులతో అగ్రిమెంట్లు రాయించుకుంటారు, అప్పటిదాకా తెగుతుందనుకున్న బేరం చెడుతుంది. రైతుకీ నష్టమే, తనకు రావాల్సిన పెరుగుదల మధ్యవర్తి జేబులోకి పోతుంది.

అందుకే మీరు దాచాల్సినవి పేజీల్లోని వాక్యాలు మాత్రమే కాదు. ఊరి పేరు, క్లయింటు పేరు, ఈ పని జరుగుతోందన్న సంగతి కూడా దాచాలి. మన దగ్గర ఇది ఇంకా కష్టం, ఎందుకంటే అందరూ అందరికీ ఏదో ఒక వరసవాళ్లే. పెళ్లిలో బాబాయి పక్కన కూర్చుని "ఏమ్మా, ఇప్పుడు ఏ ఊరి కాగితాలు చేస్తుండావు?" అని మామూలుగానే అడుగుతాడు, ఆయనకు ఏ దురుద్దేశమూ ఉండదు. "కోర్టు కాగితాలు బాబాయ్, విసుగు పని" అని చెప్పి మాట మార్చేయండి. ఊరి పేరు ఇంట్లోవాళ్లకు కూడా చెప్పనక్కర్లేదు.

ఇంకొకటి. ఆ దస్తావేజుల్లో అమ్మినవాళ్ల, కొన్నవాళ్ల ఆధార్ నంబర్లు, పాన్, ఫొటోలు, వేలిముద్రలు ఉంటాయి. వాటిలో చాలావరకు మీ అనువాదానికి అవసరం లేదు, అయినా అవి మీ లాప్‌టాప్‌లోకి వచ్చేశాయి కాబట్టి బాధ్యత మీ మీద కూడా పడింది.

ఏజెన్సీ ఎన్‌డీఏ, అంటే రహస్యం కాపాడతానని రాసిచ్చే ఒప్పందం, పంపింది. పన్నెండు పేజీలు. అంతా చదవాలా?

చదవాలి, కానీ అన్ని పేజీలకూ ఒకే బరువు ఉండదు. నేనైతే నాలుగు చోట్ల ఆగుతాను.

మొదటిది, దేన్ని రహస్యం అంటున్నారు, దేన్ని కాదంటున్నారు. మంచి ఒప్పందంలో మినహాయింపులు ఉంటాయి: అప్పటికే జనానికి తెలిసినది, మీకు ముందే తెలిసినది, కోర్టు ఆదేశిస్తే చెప్పాల్సి వచ్చేది. ఇవి లేకపోతే చేర్చమని అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు. అలాగని అడంగల్ పబ్లిక్ రికార్డే కాబట్టి మినహాయింపులోకి వస్తుందని ధీమాగా ఉండొద్దు. పైన చెప్పినట్టు, ఆ కాగితాలను ఒకచోట చేర్చిన తీరే క్లయింటు సొత్తు.

రెండోది, ఎంతకాలం. రెండేళ్లనో, మూడేళ్లనో, అయిదేళ్లనో రాస్తారు. "ఎప్పటికీ" అని ఉంటే, వ్యక్తుల వివరాల విషయంలో అది న్యాయమే. మామూలు వ్యాపార సమాచారానికి మాత్రం ఒక గడువు అడగొచ్చు.

మూడోది, డబ్బు. "ఉల్లంఘిస్తే 20 లక్షలు" అని ఉంటే చూడగానే టెన్షన్ వస్తుంది. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం సెక్షన్ 74 ప్రకారం అలా రాసిన మొత్తం గరిష్ఠ హద్దు మాత్రమే, కోర్టు దానికి మించకుండా సమంజసమైన పరిహారం ఇప్పిస్తుంది, అంతేగానీ రాసినదంతా ఆటోమేటిగ్గా చెల్లించాలని కాదు. అయితే ఒప్పందం సింగపూర్ చట్టం కిందో ఇంగ్లండ్ చట్టం కిందో ఉందేమో చూసుకోండి, అప్పుడు ఈ సెక్షన్ మిమ్మల్ని ఆదుకోదు. "జరిగే నష్టమంతా అనువాదకుడే భరించాలి" అని హద్దు లేకుండా రాసిన వాక్యం ఇంకా ప్రమాదకరం. దానికి ఒక పరిమితి, ఉదాహరణకు ఆ పనికి మీకొచ్చే ఫీజుకు ఇన్ని రెట్లు అని, పెట్టమని అడగండి. కొందరు ఒప్పుకుంటారు, కొందరు ఒప్పుకోరు, అడగకపోతే మాత్రం ఎవరూ పెట్టరు.

నాలుగోది, పని వేరేవాళ్లకు పంచడం. పది రోజుల పనిలో సగం మీ ఫ్రెండుకి ఇద్దామనుకుంటారు, ఒప్పందంలో రాతపూర్వక అనుమతి లేకుండా ఇవ్వకూడదని ఉంటుంది. ఈ మాట దాదాపు అన్ని ఎన్‌డీఏల్లో ఉంటుంది, దాదాపు అందరూ మర్చిపోతారు. టైపింగ్ చేసిపెట్టే అమ్మాయి కూడా ఆ "వేరేవాళ్ల" కిందికే వస్తుంది.

ఈ ఎన్‌డీఏ మీద సంతకం పెడితే వేరే ఏజెన్సీకి పని చేయకూడదా?

రహస్యం కాపాడడం వేరు, పోటీదారుకు పని చేయకూడదనడం వేరు. ఒప్పందం ముగిసిన తర్వాత కూడా ఇంకెవరికీ ఈ పని చేయకూడదన్న షరతు మన దేశంలో అదే ఒప్పందాల చట్టం సెక్షన్ 27 కింద చెల్లదు. "మా క్లయింటును నేరుగా సంప్రదించకూడదు" అన్న షరతు గురించి అంత సూటిగా చెప్పలేం, దాన్ని గౌరవించడమే మంచిది. ఏజెన్సీ వెతికి తెచ్చిన లాయరు దగ్గరికి వెనకనుంచి వెళ్లడం చట్టం సంగతి అటుంచి మర్యాద కాదు.

స్టాంపు పేపర్ మీద ఉండాలా? ఈమెయిల్లో సంతకం పెట్టి పంపితే చెల్లుతుందా?

ఎలక్ట్రానిక్‌గా కుదిరిన ఒప్పందం అలా కుదిరిందన్న ఒక్క కారణంతో చెల్లకుండా పోదు, 2000 ఐటీ చట్టం సెక్షన్ 10ఎ ఆ మాటే చెబుతుంది. స్టాంపు డ్యూటీ అనేది వేరే సంగతి. తగిన స్టాంపు లేని కాగితాన్ని కోర్టు సాక్ష్యంగా తీసుకోవాలంటే ముందు ఆ డ్యూటీ, దానిపై జరిమానా కట్టించుకుంటుంది. స్టాంపు గొడవ ఏజెన్సీకే వదిలేయండి. మీ దగ్గర మాత్రం ఇద్దరి సంతకాలూ ఉన్న కాపీ ఒకటి ఉండాలి. మీరు సంతకం పెట్టి పంపాక అటునుంచి సంతకం చేసిన కాపీ తిరిగి రాకపోవడం చాలాసార్లు జరుగుతుంది, పట్టుబట్టి తెప్పించుకోండి.

ఒంగోలు లాయరుగారు నేరుగా పని ఇస్తారు, ఎన్‌డీఏ ఊసే ఎత్తరు. అప్పుడు?

అప్పుడు మీరే ఒక చిన్న మెయిల్ పంపండి. దీనికి లాయరు భాష అక్కర్లేదు:

"సర్, మీరు పంపిన కాగితాలు ఈ అనువాదానికి తప్ప దేనికీ వాడను, మీ అనుమతి లేకుండా ఎవరికీ చూపను. పని అప్పగించిన 30 రోజుల తర్వాత నా దగ్గరున్న కాపీలు తీసేసి మీకు మెయిల్ పెడతాను. ఎక్కువకాలం ఉంచమంటే చెప్పండి."

ఆయన "సరే" అని జవాబిస్తే అంతకంటే కావాల్సింది లేదు. ఒప్పందం లేదు కదా అని బాధ్యత లేకుండా పోదు. పని కోసం చేతికొచ్చిన వ్యక్తిగత సమాచారాన్ని, ఒకరికి నష్టం కలిగించే ఉద్దేశంతోనో కలుగుతుందని తెలిసో, ఒప్పందానికి విరుద్ధంగా బయటపెడితే ఐటీ చట్టం సెక్షన్ 72ఎ కింద మూడేళ్ల దాకా జైలు, జరిమానా ఉన్నాయి. ఆ సెక్షన్ "ఒప్పందం" అన్నప్పుడు ఎన్‌డీఏ అన్న పేరుతో ఉన్న కాగితాన్నే అడగదు.

ఫైళ్లు ఎలా పంపుకోవాలి? గూగుల్ డ్రైవ్ లింకు చాలదా?

డ్రైవ్ చాలు, లింకు సెట్టింగ్ చూసుకుంటే. షేర్ చేసేటప్పుడు కింద `Anyone with the link` అని ఉంటే ఆ లింకు ఎవరి చేతికి చిక్కితే వాళ్లు తెరుస్తారు, లాగిన్ కూడా అడగదు. దాన్ని `Restricted`కి మార్చి, అవతలివాళ్ల మెయిల్ ఐడీ చేర్చండి. పని అయిపోయాక ఆ ఐడీ తీసేయండి. ఇది చాలామంది చేయరు, రెండేళ్ల కిందటి లింకులు ఇంకా తెరుచుకుంటూనే ఉంటాయి. మీ డ్రైవ్‌లో పాత ఫోల్డర్లు ఒకసారి చూసుకోండి.

మెయిల్లోనే పంపాల్సి వస్తే జిప్ చేసి పాస్‌వర్డ్ పెట్టండి, కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది. మామూలు జిప్ ఫైలుకు పాస్‌వర్డ్ పెట్టినా లోపలున్న ఫైళ్ల పేర్లు పాస్‌వర్డ్ లేకుండానే కనిపిస్తాయి. మన ఉదాహరణలో ఫైలు పేర్లలోనే ఊరి పేరు, సర్వే నంబరు ఉన్నాయి, అంటే లోపల తెరవక్కర్లేకుండానే దాచాల్సిందంతా బయటపడినట్టే. 7-Zip అనే ఉచిత ప్రోగ్రాంలో `7z` ఫార్మాట్ ఎంచుకుని `Encrypt file names` దగ్గర టిక్ పెడితే పేర్లు కూడా మూసుకుపోతాయి. కమాండ్‌తో చేసేవాళ్లకు:

```
7z a -t7z -mhe=on -p pani-07.7z pani-07
```

`-p` తర్వాత ఏమీ రాయకపోతే పాస్‌వర్డ్ అదే అడుగుతుంది, అలా చేస్తే మీరు పెట్టిన పాస్‌వర్డ్ కమాండ్ హిస్టరీలో మిగలదు. `-mhe=on` అన్నదే పేర్లను దాచేది.

పాస్‌వర్డ్‌ను అదే మెయిల్లో, లేదా "పాస్‌వర్డ్ ఇదిగో" అంటూ వెనకాలే ఇంకో మెయిల్లో పంపితే ఉపయోగం లేదు, మెయిల్ ఎవరైనా చూస్తే రెండూ చూస్తారు. ఫోన్ చేసి చెప్పండి. ఊరి పేరు, మీ ఫోన్ నంబరు, సర్వే నంబరు పాస్‌వర్డ్‌గా వద్దు. ఒకదానికొకటి సంబంధం లేని నాలుగైదు మాటలు కలిపితే ఫోన్లో చెప్పడానికీ సులువు, ఊహించడానికీ కష్టం.

ఫోల్డరుకీ మెయిల్ సబ్జెక్టుకీ ఊరి పేరు పెట్టే అలవాటు మానేయండి, "పని 07" అని పెట్టుకుంటే చాలు. ఇన్వాయిస్‌లో కూడా అంతే. మీ జీఎస్టీ, ఇన్‌కంట్యాక్స్ లెక్కలు చూసే ఆడిటర్ గారి ఆఫీసులో నలుగురు పనిచేస్తారు, "ఫలానా ఊరి భూమి దస్తావేజుల అనువాదం" అని అక్కడిదాకా వెళ్లాల్సిన పని లేదు.

వాట్సాప్‌లో పంపితే ఎన్‌క్రిప్షన్ ఉంటుంది కదా?

దారిలో ఉంటుంది, నిజమే. సమస్యంతా దిగిన తర్వాతే. స్కాన్లు ఫొటోలుగా వస్తే ఫోన్ గ్యాలరీలో చేరతాయి, అక్కడి నుంచి బ్యాకప్ ఆన్‌లో ఉంటే గూగుల్ ఫొటోస్‌కి ఎక్కుతాయి, ఆ అకౌంటు ఇంట్లో టాబ్‌లోనో టీవీలోనో లాగిన్ అయి ఉంటే అక్కడా కనిపిస్తాయి. ఊరి రైతు వేలిముద్ర మీ పిల్లల పుట్టినరోజు ఫొటోల మధ్య తేలుతుంది. కనీసం వాట్సాప్ సెట్టింగుల్లో `Media visibility` ఆపేయండి, ఫొటోస్‌లో వాట్సాప్ ఫోల్డరుకు బ్యాకప్ తీసేయండి.

క్లయింటు వాట్సాప్‌లోనే పంపుతానంటే, ఎక్కువమంది అలాగే అంటారు, "సర్, ఈ డ్రైవ్ ఫోల్డర్లో వేయండి, నేను ఒక్కదాన్నే చూస్తాను" అని మీరే ముందు లింకు ఇవ్వండి. సులువైన దారి చూపిస్తే మనుషులు దాన్నే పట్టుకుంటారు.

నెట్ సెంటర్లో ప్రింట్ తీసుకోవచ్చా?

ఈ పనికి వద్దు. ట్రంకు రోడ్డులో ఏ జిరాక్స్ షాపుకెళ్లినా "ఈ నంబరుకి వాట్సాప్ చేయండి" అంటారు, మీరు పంపిన పీడీఎఫ్ ఆ కంప్యూటర్ డౌన్‌లోడ్స్‌లో నెలల తరబడి ఉండిపోతుంది, మీ వెనక నిలబడినవాళ్లు కూడా తెర చూస్తుంటారు. షాపువాళ్లు చెడ్డవాళ్లని కాదు, రోజుకు వందలమంది వస్తారు, తీసేసే తీరిక వాళ్లకు ఉండదు. మసకగా ఉన్న పాత చేతిరాత దస్తావేజులు తెర మీద చదవలేకపోతే, నెలంతా ఇదే పని చేసేవాళ్లు ఒక చిన్న ప్రింటర్ కొనుక్కోవడమే నయం. ఆ కాగితాలు కూడా పని అయ్యాక చించి పారేయాలి, పాత పేపర్లవాడికి వేయకూడదు.

మాటకు అర్థం తెలియకపోతే గ్రూపులో అడగొచ్చా? ఆన్‌లైన్ ట్రాన్స్‌లేషన్ సైట్లు వాడొచ్చా?

మాట అడగండి, వాక్యం అతికించకండి. "నెల్లూరు దస్తావేజుల్లో వచ్చే అంకణాన్ని ఇంగ్లీషులో మీరెలా రాస్తున్నారు?" అన్నది మంచి ప్రశ్న, పదిమందికీ ఉపయోగం. దస్తావేజు పేజీ ఫొటో తీసి పైన పేర్ల మీద నల్ల గీత గీసి పెడితే మాత్రం హద్దుల్లో పక్క పొలాలవాళ్ల పేర్లు కనిపిస్తూనే ఉంటాయి, తూర్పున ఫలానా వారి చేను అని ఒక్కటి చాలు ఊరేదో తెలిసిపోవడానికి.

ఉచిత సైట్ల గురించి ఒక్క నిజమైన సంఘటన చెప్తాను. 2017లో నార్వే ప్రభుత్వ ప్రసార సంస్థ ఎన్‌ఆర్‌కే ఒక విషయం బయటపెట్టింది. అక్కడి చమురు కంపెనీ స్టాటాయిల్ ఉద్యోగులు Translate.com అనే ఉచిత సైట్లో అతికించిన కంపెనీ కాగితాల పాఠం గూగుల్లో వెతికితే దొరుకుతోందని. వాళ్లు ఎవరికీ పంపలేదు, అనువాదం కోసం అతికించారంతే. ఉచితంగా పీడీఎఫ్‌ను వర్డ్‌గా మార్చిపెట్టే సైట్లదీ ఇదే సంగతి, మీరు మార్చడానికి ఇచ్చిన ఫైలు ముందు వాళ్ల సర్వర్ మీదికి వెళ్తుంది. అలాంటిది వాడాలనిపిస్తే ముందు క్లయింటును రాతలో అడగండి.

లాప్‌టాప్ ఇంట్లో అందరూ వాడతారు. కొత్తది కొనే స్తోమత లేదు.

కొనక్కర్లేదు. విండోస్‌లో పిల్లలకు వేరే యూజర్ అకౌంట్ పెట్టండి, మీదానికి పాస్‌వర్డ్ పెట్టండి, లేచి వెళ్లేటప్పుడు `Win+L` నొక్కండి. పది నిమిషాల పని.

దాంతో పాటు డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఆన్ చేయండి, ఎందుకంటే లాగిన్ పాస్‌వర్డ్ ఒక్కటే ఉంటే డిస్కు విప్పి ఇంకో కంప్యూటర్‌కు తగిలించినవాడికి ఫైళ్లన్నీ కనిపిస్తాయి. విండోస్ ప్రో ఉంటే `BitLocker` అని ఉంటుంది, హోమ్ ఉన్న చాలా కొత్త లాప్‌టాప్‌లలో సెట్టింగ్స్‌లో `Device encryption` అని ఉంటుంది. ఆన్ చేసే ముందు రికవరీ కీ ఎక్కడ సేవ్ అవుతోందో చూసుకుని కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోండి. అది పోతే ఫైళ్లు మీకు కూడా రావు, ఇందులో బతిమాలితే తెరిచే మనిషంటూ ఎవరూ ఉండరు.

రిపేరుకు ఇచ్చేటప్పుడు ఈ ఎన్‌క్రిప్షన్ విలువ తెలుస్తుంది. స్క్రీన్ మార్చడానికి లాగిన్ పాస్‌వర్డ్ ఇవ్వాల్సిన అవసరం లేదు, అడిగినా ఇవ్వకండి. ఫోన్లలో అయితే సామ్‌సంగ్‌లో `Maintenance mode`, పిక్సెల్‌లో `Repair mode` ఉన్నాయి, అవి ఆన్ చేస్తే షాపువాళ్లు ఫోన్ పరీక్షించగలరు, మీ ఫైళ్లు మాత్రం కనిపించవు.

పని అయ్యాక అన్నీ తీసేయాలన్నారు. డిలీట్ చేశాను, చాలా?

ఎక్కడెక్కడ కాపీలు ఉన్నాయో ఒకసారి మన ఉదాహరణలో లెక్కపెట్టండి. మెయిల్ ఇన్‌బాక్స్‌లో వచ్చినది, సెంట్‌లో మీరు పంపినది, డౌన్‌లోడ్స్ ఫోల్డరు, పని ఫోల్డరు, విప్పిన జిప్, డ్రైవ్, ఫోన్, పెన్‌డ్రైవ్. రీసైకిల్ బిన్ ఖాళీ చేయాలి. డ్రైవ్ ట్రాష్‌లో 30 రోజులు ఉంటుంది, అక్కడా ఖాళీ చేయాలి. వీటన్నిటికంటే ఎక్కువగా మర్చిపోయేది ట్రాన్స్‌లేషన్ మెమరీ. మీరు అనువాదానికి వాడే క్యాట్ టూల్ సాఫ్ట్‌వేర్‌లో చేసి ఉంటే ప్రతి వాక్యమూ, పేర్లతో సర్వే నంబర్లతో సహా, అందులో ఉంది, వచ్చే నెల ఇంకో క్లయింటు పనిలో ఆ వాక్యం సూచనగా ప్రత్యక్షమవుతుంది. క్లయింటుకొక మెమరీ విడిగా పెట్టుకుంటేనే దీన్ని తర్వాత తీసేయగలరు, అన్నీ ఒకే మెమరీలో కలిపేస్తే ఏరడం సాధ్యం కాదు.

ఎస్‌ఎస్‌డీలో డిలీట్ చేసినదాన్ని మళ్లీ మళ్లీ దాని మీద రాసి పూర్తిగా చెరిపేయడం నమ్మదగిన పద్ధతి కాదు, అందుకే మొదటి రోజు నుంచే డిస్కు ఎన్‌క్రిప్ట్ అయి ఉండాలి.

రేపు లాయరు ఫోన్ చేసి ఫలానా పేజీలో తేదీ సరిచేయమంటే ఎలా అన్న భయం న్యాయమైనదే. అందుకే ముందే గడువు అడిగి రాయించుకోవాలి. ఇన్వాయిస్, మెయిల్ ఒప్పందం, ఎన్‌డీఏ కాపీ మాత్రం ఉంచుకోండి, అవి మీ రికార్డులు.

తప్పు మెయిల్ ఐడీకి వెళ్లిపోయింది. ఫోన్ బస్సులో పోయింది. ఏం చేయాలి?

జీమెయిల్లో సెండ్‌ను వెనక్కి తీసుకునే సమయం 30 సెకన్ల దాకా పెట్టుకోవచ్చు, ఇప్పుడే పెట్టుకోండి. అది దాటాక, డ్రైవ్ లింకు పంపి ఉంటే వెంటనే ఆ ఐడీ తీసేయండి, అటాచ్‌మెంట్ అయితే వెనక్కి రాదు. తర్వాత అదే రోజు క్లయింటుకు చెప్పండి: ఏ ఫైలు, ఎన్ని గంటలకు, ఎవరికి, పాస్‌వర్డ్ ఉందా లేదా, మీరు ఇప్పటిదాకా ఏం చేశారు. అయిదు వాక్యాలు చాలు. సంజాయిషీలు తర్వాత. ఎన్‌డీఏలో ఎన్ని గంటల్లో చెప్పాలో రాసి ఉంటుంది, అది దాటనివ్వొద్దు. కంపెనీకి వ్యక్తుల సమాచారం విషయంలో సొంత బాధ్యతలు ఉంటాయి, మీరు ఆలస్యం చేస్తే వాళ్లకూ ఆలస్యమవుతుంది.

ఫోన్ పోతే ముందు ఇంకో ఫోన్ నుంచి గూగుల్ అకౌంటులోకి వెళ్లి దాన్ని లాక్ చేసి, డేటా చెరిపే ఆదేశం ఇవ్వండి, పాస్‌వర్డ్ మార్చండి. సిమ్ బ్లాక్ చేయించి డూప్లికేట్ తీసుకుని కొత్త ఫోన్లో వాట్సాప్ రిజిస్టర్ చేస్తే పాత ఫోన్లో అది లాగౌట్ అవుతుంది. పోలీసు ఫిర్యాదు ఇచ్చి, సంచార్ సాథీ సైట్లోని సీఈఐఆర్‌లో ఐఎంఈఐ బ్లాక్ చేయించండి. ఆ నంబరు ఫోన్ చేతిలో ఉండగానే `*#06#` కొట్టి రాసి పెట్టుకోవాలి, పోయాక పెట్టె మీద వెతుక్కోవడమే. బ్లాక్ చేయడం ఫోన్ వాడకుండా ఆపుతుంది, లోపలి ఫైళ్లను చెరపదు, కాబట్టి చెరిపే ఆదేశం ముందు ఇచ్చాకే దీనికి రండి.

ఈ పనిని నా రెజ్యూమెలో రాసుకోవచ్చా?

"భూమి దస్తావేజులు, రెవెన్యూ రికార్డులు, తెలుగు నుంచి ఇంగ్లీషు, సుమారు ఇన్ని పేజీలు" అని రాసుకోండి. క్లయింటు పేరు, ఊరు, నెల వద్దు. శాంపిల్ అడిగితే ఈ ఫైళ్లలో పేర్లు మార్చి ఇవ్వకండి, హద్దులూ విస్తీర్ణాలూ అలాగే ఉండిపోతాయి. ఒక దస్తావేజు నమూనాను మీరే కల్పించి రాసి, దాన్ని అనువదించి ఇవ్వండి.